వంటింట్లో బొద్దింకలు, చీమలు: స్ప్రే పక్కన పెట్టి ఎరతో వదిలించుకోవడం ఎలా

స్ప్రేతో బొద్దింకలను చంపే ఇంట్లో ప్రతి నెలా స్ప్రే డబ్బా కొంటూనే ఉండాలి. కొట్టినప్పుడు పది చస్తాయి, మనసు కుదుటపడుతుంది. వారం తిరిగేసరికి మళ్లీ అవే. కారణం పెద్ద రహస్యమేమీ కాదు. రాత్రి లైటు వేయగానే గట్టు మీద పరుగెత్తేవి ఆ ఇంట్లో ఉన్న బొద్దింకల్లో కొన్నే. మిగతావి, ముఖ్యంగా గుడ్లు మోస్తున్న ఆడవీ, చిన్న పిల్లలూ సందుల్లోంచి బయటికి పెద్దగా రావు. పైగా మామూలు స్ప్రేల వాసన తగిలితే అవి పారిపోతాయి. ఫ్రిజ్ వెనక కాపురమున్నవి స్విచ్ బోర్డులోకి, అక్కణ్ణుంచి పక్క గదిలోకి మారతాయి.

ఎర అలా కాదు. తిన్న బొద్దింక వెంటనే చావదు. గూటికి వెళ్లి చస్తుంది. దాని రెట్టనీ, చచ్చిన శరీరాన్నీ తినే అలవాటు బొద్దింకలకు ఉంది కాబట్టి బయటికి రాని పిల్లలకూ ఆ విషం చేరుతుంది. చీమల్లోనూ ఇంతే. కూలి చీమ తాగొచ్చిన తీపి నీళ్లు నోటి నుంచి నోటికి మారుతూ రాణి దాకా వెళతాయి. మనం చేయాల్సిందల్లా ఎరను సరైన చోట పెట్టడం, అది తప్ప వేరే తిండి లేకుండా చూడడం, అది పని చేసేదాకా చెడగొట్టకుండా ఉండడం. చివరిదే చాలామందికి కష్టం.

మొదటి పని: ఏ బొద్దింకో తేల్చుకోండి

మన వంటిళ్లలో ఎక్కువగా కనిపించేవి రెండు రకాలు. ఒకటి చిన్నది, ఒకటిన్నర సెంటీమీటరు లోపు. లేత గోధుమ రంగు, తల వెనక రెండు నల్ల చారలు. దీన్ని జర్మన్ బొద్దింక అంటారు. ఇది ఇంట్లోనే పుట్టి, ఇంట్లోనే పెరుగుతుంది. రెండోది ఎర్రమట్టి రంగులో, బొటనవేలంత ఉండే పెద్ద బొద్దింక. దీని సొంత చోటు డ్రైనేజీ, మాన్‌హోల్, సెప్టిక్ ట్యాంకు. ఇది వంటింటికి చుట్టపుచూపుగా వస్తుంది, ముఖ్యంగా రాత్రిపూట, వానలు పడ్డప్పుడు.

ఈ తేడా తెలియకపోతే డబ్బులు దండగ. పెద్ద బొద్దింక వస్తున్న ఇంట్లో కప్‌బోర్డుల నిండా జెల్ పూసి ప్రయోజనం తక్కువ, అది వచ్చే దారి మూయాలి. చిన్న బొద్దింక ఉన్న ఇంట్లో జాలీలు బిగించి కూర్చుంటే లోపలున్నవి లోపలే పెరుగుతాయి. చిన్నదాని పెరుగుదల భయపెట్టేలా ఉంటుంది. ఒక్కో గుడ్ల సంచిలో ముప్ఫై, నలభై గుడ్లు. ఆడది ఆ సంచిని పొదిగే సమయం దాకా ఒంటికే అంటించుకుని తిరుగుతుంది. ఆ పిల్లలు రెండు మూడు నెలల్లో మళ్లీ గుడ్లు పెట్టే వయసుకొస్తాయి. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ భాగం చిన్నదాని గురించే.

బొద్దింక కనబడకపోయినా ఆనవాళ్లు కనబడతాయి. కప్‌బోర్డు మూలల్లో మిరియాల పొడి చల్లినట్టు నల్లటి రవ్వలు, తలుపు బందుల చుట్టూ సిరా మరకల్లాంటి చుక్కలు, పొట్టులా పలచగా విడిచిన తోళ్లు, గుడ్ల సంచుల ఖాళీ డిప్పలు. బాగా ముదిరితే మూసిన అల్మారా తెరవగానే ఒకరకమైన ముక్కిపోయిన వాసన కొడుతుంది. ఆస్తమా ఉన్నవాళ్లున్న ఇంట్లో ఈ పొట్టూ రవ్వలూ ఉబ్బసాన్ని రేపుతాయి, కాబట్టి వాటిని పొడి చీపురుతో లేపకుండా తడిగుడ్డతో తీయండి.

రెండో పని: జిగురు అట్టలతో లెక్క తీయండి

ఇది ఎవరూ చేయరు. నన్నడిగితే అన్నిటికంటే ముఖ్యమైంది ఇదే. హార్డ్‌వేర్ షాపులో, ఆన్‌లైన్‌లో దొరికే జిగురు అట్టలు ఆరు కొనండి. ఒక్కోదాని మీద ఎక్కడ పెడుతున్నారో రాయండి. గోడకు ఆనించి పెట్టాలి. బొద్దింకలు నేల మధ్యలో నడవవు, అంచు పట్టుకుని పోతాయి. రెండు రాత్రులు కదపకుండా వదిలేసి చూడండి.

హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో మా వదినగారి వంటిల్లు ఉంది. అందులో పెట్టిన అట్టల లెక్క చెబుతాను. ఫ్రిజ్ వెనక 19, వాటిలో ఎక్కువ పిల్లలే. వాటర్ ప్యూరిఫయర్ కింద 8. సింక్ కింద 4, అన్నీ ఎదిగినవే. చెత్త డబ్బా పక్కన 1. స్టవ్ కింది కప్‌బోర్డులో, తలుపు దగ్గర ఏమీ లేవు. ఆవిడ అప్పటిదాకా స్టవ్ చుట్టూ, చెత్త డబ్బా చుట్టూ స్ప్రే కొడుతున్నారు.

ఈ లెక్క ఏం చెబుతోంది? పిల్ల బొద్దింకలు గూడు వదిలి దూరం పోవు. అవి ఎక్కడ ఎక్కువ పడితే గూడు అక్కడే. అంటే కాపురం ఫ్రిజ్ వెనక, మోటారు వేడికి. సింక్ కింద పడ్డవి ఎదిగినవే కాబట్టి అవి నీళ్లకు వచ్చినవి. ప్యూరిఫయర్ దగ్గర రెండో చిన్న గూడు. చెత్త డబ్బా మీద అనుమానం తీరిపోయింది. ఇంక జెల్‌లో దాదాపు సగం ఫ్రిజ్ చుట్టూనే పెట్టాలని తేలింది.

మూడో పని: ఆకలి పుట్టించండి

ఎర పెట్టే ముందు రెండు మూడు రోజులు శుభ్రం చేయండి. కారణం సూటిగానే ఉంది: గ్యాస్ స్టవ్ కింద నూనె జిడ్డు, మిక్సీ అడుగున ఎండిన పచ్చడి ఉంటే బొద్దింకకు మీ ఎర ఎందుకు?

ఫ్రిజ్ ప్లగ్ తీసి ముందుకు లాగండి. వెనక కింద మోటారు పైన ఒక చిన్న ప్లాస్టిక్ తట్ట ఉంటుంది, లోపల కరిగిన నీరంతా అందులో చేరుతుంది. వెచ్చదనం, చీకటి, నీళ్లు మూడూ ఒక్కచోటే. బొద్దింక కొన్ని వారాలు తిండి లేకుండా లాగగలదు కానీ నీళ్లు లేకుండా అంతకాలం లాగలేదు. ఆ తట్ట ఊడి వచ్చే రకమైతే తీసి కడగండి, రాకపోతే గుడ్డతో తుడవండి. ఫ్రిజ్ తలుపు రబ్బరు మడతల్లోనూ చూడండి.

స్టవ్ ఎత్తి కింద తుడవండి. మిక్సీ బోర్లించి అడుగున ఉన్న గాలి రంధ్రాల చుట్టూ బ్రష్‌తో రుద్దండి. కప్‌బోర్డులో పాత న్యూస్‌పేపర్లు పరిచి ఉంటే తీసేయండి, వాటి కింద చేరడం వాటికి మహా ఇష్టం. ఇంటికి తెచ్చిన అట్టపెట్టెలు, ఖాళీ గుడ్ల ట్రేలు, సంచుల్లో కుక్కిన ప్లాస్టిక్ కవర్లు బయట పడేయండి.

ఇంతకుముందు స్ప్రే కొట్టిన చోట్లు ఉంటే సబ్బునీళ్లతో రెండుసార్లు తుడవండి. స్ప్రే మరక మీద పెట్టిన జెల్‌ను బొద్దింక ముట్టదు. ముందు వారం దాకా స్ప్రే కొట్టి ఈ వారం జెల్ పెట్టి "ఇది కూడా పని చేయలేదు" అనేవాళ్ల ఇళ్లలో ఎక్కువసార్లు జరిగేది ఇదే.

నాలుగో పని: జెల్ చుక్కలు

బొద్దింకల జెల్ సిరంజిలాంటి గొట్టంలో వస్తుంది. మన దగ్గర దొరికేవాటిలో ఎక్కువగా ఉండే మందులు ఇమిడాక్లోప్రిడ్, ఫిప్రోనిల్. గొట్టం మీద మందు పేరు చూసి గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

చుక్క పెసర గింజంత చాలు. పెద్ద ముద్ద ఒకచోట పెట్టడం కంటే చిన్న చుక్కలు చాలాచోట్ల పెట్టడం మేలు. బొద్దింక తిండి కోసం దూరం వెతకదు, దారిలో తగిలిందే తింటుంది. పిల్లలైతే గూటి పక్కనే తగలాలి. మామూలు వంటింటికి ఇరవై, ముప్ఫై చుక్కలు సరిపోతాయి.

వదినగారి వంటింట్లో పెట్టిన చోట్లు ఇవి. ఫ్రిజ్ వెనక మోటారు గది చుట్టూ ఉన్న రేకు అంచుల్లో, ఫ్రిజ్ కాళ్ల దగ్గర, ఫ్రిజ్‌కు ఆనుకున్న గోడ మూలలో కలిపి పన్నెండు. ప్యూరిఫయర్ వెనక, దాని కింది టైల్ అంచున ఐదు. సింక్ కింద పైపు గోడలోకి వెళ్లే చోట మూడు. కప్‌బోర్డు తలుపుల బందుల లోపలి పక్క ఒక్కొక్కటి చొప్పున ఆరు. మోటారు మీద, వేడెక్కే గొట్టాల మీద పెట్టలేదు, వేడికి జెల్ కారిపోతుంది. విద్యుత్ తీగలు కనిపించే చోట, తడి తగిలే చోట, అన్నం గిన్నెలు పెట్టే అరల మీద, పిల్లల చేతికందే చోట పెట్టకూడదు. పెట్టాక చేతులు సబ్బుతో కడుక్కోండి.

ఇకమీదట ఆ చుక్కల చుట్టుపక్కల ఫినాయిల్‌తో తుడవకండి, స్ప్రే కొట్టకండి, కర్పూరం, వేపనూనె లాంటివి పెట్టకండి. వాసనతో తరిమే పనీ, తిండితో పిలిచే పనీ ఒకే గదిలో కుదరవు. ప్లగ్గులో పెట్టే శబ్ద తరంగాల యంత్రాల సంగతి అడుగుతారు కాబట్టి ఒక్క మాట: బొద్దింకల మీద అవి పని చేయవు, వాటి మీద పెట్టే డబ్బు వృథా.

ఐదో పని: ఆగడం, చూడడం

మొదటి మూడు నాలుగు రోజుల్లో బొద్దింకలు పగటిపూట కూడా మత్తుగా తిరుగుతూ, వెల్లకిలా పడి కనిపిస్తాయి. చూసి కంగారుపడి స్ప్రే తీయకండి. అవి ఎర తిన్నవి. ఊడ్చి పడేయండి, అంతే.

మూడో రోజు టార్చి వేసి చుక్కలు చూడండి. పూర్తిగా తిన్న చోట మళ్లీ పెట్టండి, ఆ చోటు మంచి చోటని అర్థం. ముట్టని చుక్క ఎండిపోయి గట్టిపడితే గీకేసి, జాగా మార్చండి. రెండు వారాలకు ఒకసారి మళ్లీ జిగురు అట్టలు పెట్టండి. వదినగారి ఫ్రిజ్ వెనక లెక్క 19 నుంచి 5కి వచ్చింది, అన్నీ కొత్తగా పుట్టిన పిల్లలే. ఇక్కడే జనం మోసపోతారు. తల్లి చచ్చినా పొదగడానికి సిద్ధంగా ఉన్న సంచిలోంచి పిల్లలు బయటికి రావచ్చు. ఆ పిల్లల కోసం తాజా చుక్కలు ఉండాలి. కాబట్టి మూడో వారంలో రెండో విడత జెల్ తప్పనిసరి, అప్పటికి ఒక్క బొద్దింకా కనబడకపోయినా సరే. ఆ ఇంట్లో రెండో విడత తర్వాత నెలకు అట్టల మీద ఒక్కటే పడింది.

చుక్కలు తాజాగా ఉన్నా, స్ప్రే మరక లేకపోయినా, బొద్దింకలు వాటి పక్కనుంచే పోతుంటే మందు రకం మార్చండి. కొన్ని జర్మన్ బొద్దింకల మందలకు ఎరలో వేసే గ్లూకోజు తీపి చేదుగా తోచేలా మార్పు వచ్చిందని పరిశోధకులు గుర్తించారు. తీపి ముట్టనివే బతికి పిల్లల్ని కంటే ఆ ఇంట్లో అలాంటివే మిగులుతాయి. వేరే మందు, వేరే కంపెనీ జెల్ అంటే తిండి పదార్థం కూడా వేరు. గొట్టం మీద పేరు గుర్తుంచుకోమన్నది ఇందుకే.

ఆరో పని: సందులు మూయడం

చాలామంది ముందు సందులు మూసి తర్వాత మందు పెడతారు. నేను తిరగేసి చేయమంటాను. గూడున్న సందును ముందే మూస్తే అవి వేరే దారి చూసుకుంటాయి, మన ఎర ఎక్కడో, అవి ఎక్కడో. అట్టల మీద లెక్క బాగా తగ్గాక ఇంటి లోపలి సందులు మూయండి. బయటి నుంచి వచ్చే దారులు మాత్రం మొదటి రోజే మూయవచ్చు.

బయటి దారుల్లో పెద్దది సింక్ కింద పైపు గోడలోంచి బయటికి పోయే కన్నం. మేస్త్రీ పైపు కంటే రెండింతల కన్నం కొట్టి వదిలేస్తాడు. అపార్ట్‌మెంటుల్లో అందరి పైపులూ ఒకే డక్ట్‌లోకి దిగుతాయి కాబట్టి పక్కింటి బొద్దింకలు మీ ఇంటికి వచ్చే రాజమార్గం అదే. ముందు స్టీలు పీచు కుక్కి, పైన తెల్ల సిమెంటు పూయండి. పైపు కదిలే చోటైతే సిమెంటు పగులుతుంది, అక్కడ సిలికాన్ సీలెంటు వాడండి. సింక్ గొట్టం కింది పైపులో వదులుగా వేలాడుతుంటే ఆ చుట్టూ రబ్బరు వాషరు వేయించండి.

లోపలి సందుల విషయంలో కొలత తెలిస్తే మంచిది. ఎదిగినవి ఐదు మిల్లీమీటర్ల సందును ఇష్టపడతాయి, ఒంటికి రెండు వైపులా తగిలేలా ఉండాలి వాటికి. పిల్లలు ఒక మిల్లీమీటరు సందులోనూ దూరతాయి. ఒక ఏటీఎం కార్డు పట్టుకోండి, అది దూరిన సందంతా మూయాల్సిందే. గ్రానైట్ గట్టు గోడను కలిసే గీత, టైల్స్ మధ్య ఊడిన గ్రౌటు, కప్‌బోర్డు చట్రానికీ గోడకీ మధ్య ఖాళీ, స్విచ్ బోర్డు అంచు. సిలికాన్ వేసే ముందు ఆ చోటు జిడ్డు లేకుండా తుడిచి పూర్తిగా ఆరనివ్వాలి, తడి మీద అది అంటదు. అద్దె ఇంట్లో కప్‌బోర్డులు ముట్టుకునే వీలు లేకపోతే పైపు కన్నం, గట్టు వెనక గీత ఈ రెండైనా మూయండి.

పెద్ద బొద్దింకకు దారి నేల మీది జాలీ. వాడని బాత్రూముల్లో, బాల్కనీల్లో జాలీ కింద ఉండే వంపులో నీళ్లు ఎండిపోతే డ్రైనేజీకీ ఇంటికీ మధ్య అడ్డమేమీ ఉండదు. వారానికోసారి అక్కడ ఒక చెంబుడు నీళ్లు పోయండి. ఊరెళ్లేటప్పుడు ఆ జాలీల మీద అట్ట లేదా ప్లాస్టిక్ మూత పెట్టి బరువు పెట్టండి. పాత జాలీ స్థానంలో లోపల మూత ఉన్న రకం కొత్తది వేయిస్తే ఇంకా మంచిది. వంటింటి వెనక తలుపు కింద వేలు దూరే ఖాళీ ఉంటే రబ్బరు పట్టీ బిగించండి.

చీమల సంగతి వేరు

చీమలను సందులు మూసి ఆపడం దాదాపు అసాధ్యం. ఒకటి మూస్తే పక్కన దారి తీస్తాయి. వాటి దగ్గర ఎర ఒక్కటే నమ్మదగ్గది, సందులు మూయడం ఆ తర్వాతి పని.

బారు కనబడగానే గుడ్డతో తుడిచేయాలనిపిస్తుంది. ఆగండి. ఆ బారు గూటికి వేసిన రోడ్డు, ఎర లోపలికి పోవాల్సింది దాని మీదే. చాక్‌పీస్‌లా గీసే చీమల మందు గీస్తే ఎదురుపడ్డవి చస్తాయి, మిగతావి చుట్టూ తిరుగుతాయి. చిన్న పసుపు, గోధుమ రంగు చీమలతో ఇంకో చిక్కుంది. వాటిలో కొన్ని జాతుల గూళ్లలో చాలామంది రాణులు ఉంటారు. మందు కొడితే గూడు రెండు మూడుగా చీలిపోయి వేరు కాపురాలు పెడుతుంది. ఒక బారు ఉన్న ఇంట్లో మూడు బారులు పుడతాయి.

ఎర మీరే తయారు చేసుకోవచ్చు. మెడికల్ షాపులో బోరిక్ పౌడర్ అడగండి. కొన్ని పౌడర్లలో టాల్కం ఎక్కువ, బోరిక్ తక్కువ ఉంటుంది కాబట్టి కవరు మీద అచ్చంగా బోరిక్ యాసిడ్ అని ఉన్నదే తీసుకోండి. క్యారమ్ బోర్డు మీద చల్లే పౌడర్ కూడా ఒకప్పుడు ఇదే, ఇప్పటి వాటిలో వేరే పొడులూ కలుస్తున్నాయి కనుక దాన్ని నమ్మకండి.

వంద మిల్లీలీటర్ల గోరువెచ్చని నీళ్లలో రెండు టీస్పూన్ల చక్కెర, పావు టీస్పూన్ బోరిక్ యాసిడ్ వేసి పూర్తిగా కరిగేదాకా కలపండి. అంటే నూటికి ఒక వంతు మందు. ఎక్కువ వేస్తే బాగా పని చేస్తుందనుకోవడం సహజం, కానీ ఇక్కడ అది తలకిందులు. మందు ఘాటెక్కితే చీమ దారిలోనే చస్తుంది, రాణి దాకా చేరదు. కూలి చీమ కనీసం రెండు రోజులు బతికి తిరుగుతూ ఉంటేనే ఆ తీపి గూడంతా పాకుతుంది.

సీసా మూతలో దూది పెట్టి ఆ నీళ్లతో తడపండి, బారు పక్కన పెట్టండి, బారు మీద కాదు. కాసేపట్లో దూది చుట్టూ నల్లగా మూగుతాయి. మొదటి రోజు చీమలు ముందుకంటే ఎక్కువగా కనిపిస్తాయి, అదే కావాలి. రెండు రోజులకోసారి దూది మార్చండి, ఎండిన దూది దగ్గరికి రావు. వారం నుంచి మూడు వారాల్లో బారు పలచబడి ఆగిపోతుంది. అప్పుడు సబ్బునీళ్లతో ఆ దారి తుడవండి, చీమలు దారి కోసం వదిలిన వాసన పోతుంది. చివరగా అవి వచ్చిన కన్నం తెల్ల సిమెంటుతో మూయండి.

దూది దగ్గరికే రాకపోతే వాటికి అప్పుడు తీపి అక్కర్లేదని అర్థం. పిల్లల్ని పెంచే సమయంలో చీమలు నూనె, మాంసకృత్తుల కోసం తిరుగుతాయి. ఒక కాగితం మీద చక్కెర నీళ్ల చుక్క, కాస్త నెయ్యి, చిటికెడు వేరుశెనగ పొడి విడివిడిగా పెట్టి గంట తర్వాత చూడండి. నెయ్యి దగ్గర చేరితే ఓ స్పూను వేరుశెనగ పేస్టులో చిటికెడు బోరిక్ యాసిడ్ కలిపి పెట్టండి.

ఎర్రగా ఉండి కుట్టే చీమలు ఇంటి బయట మట్టిలో గూడు పెట్టుకుంటాయి. వాటికి ఎర ఇంట్లో కాకుండా ప్రహరీ పక్కనో, మెట్ల దగ్గరో బారు మొదలయ్యే చోట పెట్టండి. లోపల పెడితే ఆహ్వానించినట్టే.

రాత్రి పది నిమిషాల పని

ఎర పని చేస్తున్నంతకాలం, ఆ తర్వాతా ఇది సాగాలి. పొద్దున్న ఎంత కడిగినా రాత్రి వదిలేస్తే లాభం లేదు, ఎందుకంటే అవి తిరిగేది రాత్రే.

ఎంగిలి గిన్నెలు కడిగే ఓపిక లేకపోతే కనీసం మెతుకులు దులిపి, సబ్బునీళ్ల టబ్బులో ముంచి ఉంచండి. సింక్ జాలీలో చిక్కిన అన్నం తీసి, సింక్‌ను గుడ్డతో తుడిచి పొడిగా వదలండి. కారే కొళాయి ఉంటే ప్లంబర్‌ను పిలవండి. కింద పెట్టిన బకెట్టులోనూ, తడి మసిగుడ్డలోనూ వాటికి సరిపడా నీళ్లుంటాయి, ఆ గుడ్డను పిండి బాల్కనీలో ఆరేయండి. స్టవ్ చుట్టూ పోపు చిమ్మిన నూనె తుడవండి. దోసెల పిండి, పచ్చడి కారిన గిన్నెల అడుగులు చూడండి. చెత్త కవరు ముడేసి మూత ఉన్న డబ్బాలో ఉంచండి, కుదిరితే రాత్రే బయట పెట్టండి. నూనె డబ్బా, తేనె సీసా, బెల్లం డబ్బా ఈ మూడింటి బయటి పక్క అంటిన జిడ్డే చీమల బారుకు సగం కారణం. వాటిని తుడిచి, ఒక పళ్లెంలో నీళ్లు పోసి అందులో పెట్టే పాత పద్ధతి ఇప్పటికీ పని చేస్తుంది, నీళ్లలో దుమ్ము తెట్టె కట్టకుండా రోజూ మారిస్తే చాలు. కుక్కకో పిల్లికో పెట్టిన గిన్నె రాత్రి తీసేయండి.

మందుతో జాగ్రత్త

బోరిక్ యాసిడ్ చూడ్డానికి ఉప్పులా, చక్కెరలా ఉంటుంది. దాన్ని ఎట్టి పరిస్థితిలోనూ వంటింటి అరలో, పోపుల డబ్బా పక్కన పెట్టకండి. కొన్న కవరులోనే, పెద్ద అక్షరాలతో విషం అని రాసి, తాళం వేసే చోట ఉంచండి. కలిపిన చక్కెర నీళ్లను మంచినీళ్ల సీసాలో దాచకండి, మిగిలింది పారబోయండి. పిల్లలున్న ఇంట్లో దూది మూతను, అంచుకు రెండు చిన్న రంధ్రాలు చేసి గట్టిగా మూసిన ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, ఫ్రిజ్ వెనకో అటక మీదో ఉంచండి. ఎవరైనా మింగితే ఇంటి వైద్యం చేయకుండా, వాంతి చేయించకుండా ఆ కవరు పట్టుకుని ఆసుపత్రికి వెళ్లండి.

ఇంత చేసినా రెండు విడతల జెల్ తర్వాత అట్టల మీద పిల్లలు అలాగే పడుతుంటే, గూడు మీ ఇంట్లో లేకపోవచ్చు. కింది ఫ్లాట్‌లోనో, ఉమ్మడి డక్ట్‌లోనో ఉంటుంది. అప్పుడు ఒక్క ఇంటికి మందు కొట్టించుకుని ప్రయోజనం లేదు. అసోసియేషన్‌తో మాట్లాడి ఆ వరస ఫ్లాట్లన్నిటికీ, డక్ట్‌కీ ఒకేరోజు చేయించాలి. పెస్ట్ కంట్రోల్ వాళ్లను పిలిస్తే ముందే అడగండి: జెల్ పెడతారా, స్ప్రే కొడతారా, రెండో విడతకు ఎప్పుడు వస్తారు? ఒక్కసారి స్ప్రే కొట్టి వెళ్లిపోతామంటే వేరేవాళ్లను చూసుకోండి.

ఇల్లు శుభ్రపడ్డాక ఒక్క జిగురు అట్ట ఫ్రిజ్ వెనక శాశ్వతంగా ఉంచి నెలకోసారి మార్చండి. దాని మీద రెండు పిల్లలు పడ్డ రోజే నాలుగు జెల్ చుక్కలు పెడితే సరిపోతుంది. సెకండ్‌హ్యాండ్ ఫ్రిజ్, మైక్రోవేవ్ కొంటే ఇంట్లోకి తేకముందే బాల్కనీలో రెండు రాత్రులు జిగురు అట్టలతో ఉంచి చూడండి. కిరాణా డెలివరీ అట్టపెట్టెలను గుమ్మం దగ్గరే విప్పి, సరుకు మాత్రం లోపలికి తీసుకెళ్లండి.